పొడి నల్లగా ఉంటే చికోరీ ఎక్కువున్నట్టేనా?

"నమస్తే అండీ. మా ఇంట్లో అందరికీ పొద్దున్నే ఫిల్టర్ కాఫీ పడాల్సిందే. మొన్న కొత్త ప్యాకెట్ తెచ్చా, ముందువైపు 60:40 అని రాసుంది, పొడి చూస్తే బాగా నల్లగా ఉంది. మా అత్తగారు చూసి 'ఇందులో నలభై వంతులు చికోరీయే, ఆ రంగు చూస్తేనే తెలుస్తోంది, మన పాతదే తెచ్చుకుందాం' అన్నారు. పాత ప్యాకెట్ పొడి కాస్త ఎర్రగా, లేతగా ఉంటుంది, దాని ముందువైపు ఏ నంబరూ లేదు, ట్రెడిషనల్ ఫిల్టర్ కాఫీ అని మాత్రం ఉంది. రంగు చూసి చికోరీ ఎంతుందో చెప్పొచ్చా? ప్యాకెట్ మీద అసలు ఏం చదవాలి?" — ఒక పాఠకురాలు, నెల్లూరు

అమ్మా, ముందు ఆ రెండు ప్యాకెట్లూ తిప్పి వెనకవైపు చూడండి, మీ అత్తగారితో మాట్లాడేది ఆ తర్వాతే. మీరు రాసినదాంట్లో నాకు ఎక్కువ అనుమానం వచ్చింది కొత్తదాని మీద కాదు, ఏ నంబరూ లేదన్న ఆ పాత ప్యాకెట్ మీద. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి. మా నాన్నగారికి కాఫీ పొడి షాపు ఉండేది, గింజలు వేయించి, మర పట్టి, అడిగినవాళ్ళకి అడిగినంత చికోరీ కలిపి కాగితం పొట్లం కట్టి ఇచ్చేవారు, నేను స్కూలు నుంచి వచ్చాక ఆ తక్కెడ దగ్గరే కూర్చునేదాన్ని, అందుకని ఈ విషయం మీద మాట్లాడకుండా ఉండలేను.

ముందు ప్యాకెట్ సంగతి. మన దేశంలో కాఫీలో చికోరీ, అంటే వేయించిన ఒక మొక్క వేరు పొడి, కలిపి అమ్మడం తప్పేం కాదు, కలిపానని చెప్పకపోవడమే తప్పు. ఫుడ్ సేఫ్టీ వాళ్ళ రూలు ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమం అని అమ్మాలంటే అందులో బరువు లెక్కన కాఫీ కనీసం 51 శాతం ఉండాలి. అంటే చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు, సగానికి ఒక్క వంతు తక్కువ. చాలామందికి ఇది తెలియదు, కాఫీ ప్యాకెట్ అంటే మహా అయితే పదో పదిహేనో వంతులు చికోరీ ఉంటుందనుకుంటారు. అలా కలిపినప్పుడు ప్యాకెట్ మీద 'కాఫీ బ్లెండెడ్ విత్ చికోరీ' అని, దాని కింద 'దిస్ మిక్స్‌చర్ కంటెయిన్స్ కాఫీ ఇన్ని పర్సెంట్, చికోరీ ఇన్ని పర్సెంట్' అని రెండు అంకెలూ వేయాలి. మీరు వెతకాల్సింది ఈ లైను, ఇదొక్కటే. ఇది ఇంగ్లీషులో ఉంటుంది, చాలా ప్యాకెట్ల మీద వెనకవైపు గానీ పక్క మడత మీద గానీ, రేటు, తయారీ తేదీ అచ్చు వేసే చోటుకి దగ్గర్లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అక్కడ లేకపోతే ఇంగ్రీడియెంట్స్ అన్న చోట చూడండి. ముదురు గోధుమరంగు కవరు మీద బంగారు రంగు అక్షరాలైతే ట్యూబ్‌లైటు కింద కనిపించి చావవు, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి, నేనూ అలాగే చూస్తాను.

ఇక 60:40 సంగతి. ఈ అంకె దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. ప్యాకెట్ మీద రెండు అంకెలు కనపడగానే అది కాఫీకీ చికోరీకీ లెక్క అనుకుంటాం, మీ అత్తగారు కూడా అదే అనుకున్నారు. కానీ కాఫీ గింజల్లోనే రెండు రకాలున్నాయి కదా, అరబికా అని, రోబస్టా అని. అరబికాకి వాసన, మెత్తదనం, రోబస్టాకి చిక్కదనం, చేదు. ఈ రెంటినీ కలిపి పట్టడం ఎప్పట్నుంచో ఉన్నదే, ఆ కలిపిన లెక్క కూడా 60:40 అనో 70:30 అనో ముందువైపు పెద్దగా వేస్తారు. కాబట్టి అంకె కనపడితే అది దేనికీ దేనికీ మధ్య లెక్కో చూడాలి. అంకెల పక్కన చికోరీ అన్న మాట ఉంటేనే అది చికోరీ లెక్క. అరబికా, రోబస్టా అని ఉంటే అది గింజల లెక్క, చికోరీకి సంబంధం లేదు, ఇంగ్రీడియెంట్స్‌లో చికోరీ పేరు లేకపోతే ఆ ప్యాకెట్ మొత్తం కాఫీయే. పక్కన ఏమీ లేకుండా ఉత్త 60:40 అని ఉంటే ముందువైపు చూసి ఏదీ తేల్చకండి, వెనక లైనే చెప్పాలి.

ముందువైపు రాసే మిగతా మాటల్లో చాలావరకు చికోరీ గురించి ఏమీ చెప్పవు. ఫిల్టర్ కాఫీ అంటే ఫిల్టర్‌లో వేసుకునే పొడి అని అంతే, ఇన్‌స్టంట్ కాదు అని. ట్రెడిషనల్, స్ట్రాంగ్, డిగ్రీ కాఫీ, సౌత్ ఇండియన్ బ్లెండ్ ఇవన్నీ కూడా అంతే. పీబెర్రీ అనీ ప్లాంటేషన్ ఏ అనీ ఉంటే అవి గింజ రకం, సైజు చెప్తాయి, ఆ గింజ పొడిలో ఇంకేం కలిపారో చెప్పవు. అరకు అన్న పేరుంటే గింజ ఆ కొండల్లో పండిందని, అరకు వ్యాలీ అరబికాకి 2019లో ఆ ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది, మన ఏజెన్సీ రైతులు పండించిన గింజ కాబట్టి నాకు దానిమీద ప్రేమ ఎక్కువే, కానీ ఊరి పేరు చూసి చికోరీ లేదనుకోకూడదు, అక్కడ పండిన గింజ పొడిలోనూ చికోరీ కలిపి అమ్మొచ్చు. '100 శాతం అరబికా బీన్స్‌తో చేసినది' లాంటి వాక్యం ఉన్నా కూడా వెనక్కి తిప్పండి, ఆ మాట అందులో ఉన్న కాఫీ వరకే. 100 శాతం ప్యూర్ కాఫీ అని ఉండి, ఇంగ్రీడియెంట్స్‌లో కాఫీ తప్ప ఇంకో పేరు లేకపోతే అప్పుడు నమ్మొచ్చు.

ఇక రంగు. రంగు చూసి చికోరీ శాతం చెప్పలేమండీ. మా షాపుకి ఇరవై ఏళ్ళుగా వచ్చేవాళ్ళు కూడా రంగు చూసి పొరబడేవారు. ఎందుకంటే పొడి రంగుని ముందుగా నిర్ణయించేది వేపుడు. అదే గింజని తక్కువ వేయిస్తే దాల్చినచెక్క రంగులో ఉంటుంది, మధ్యస్తంగా వేయిస్తే చెక్క బీరువా రంగు, బాగా మాడ్చి వేయిస్తే నల్లగా అయిపోయి గింజ మీద నూనె తేలుతుంది, పొడి పట్టినా ఆ నల్లదనం, కాస్త జిడ్డు మెరుపు ఉంటాయి. చికోరీ కూడా అంతే, అదొక మొక్క వేరు, ముల్లంగిలా ఉండే వేరుని ముక్కలు కోసి ఎండబెట్టి వేయించి పొడి చేస్తారు, మన దేశంలో గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో ఎక్కువ పండిస్తారు. దాన్నీ ఎంత వేయిస్తే అంత రంగు. కాబట్టి చికోరీ గింజంత లేని నల్లటి పొడి ఉంటుంది, సగం దాకా చికోరీ ఉన్న లేత పొడీ ఉంటుంది. నల్లగా ఉంటే చికోరీ అన్న నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందంటే డికాషన్ నుంచి. చికోరీ డికాషన్‌ని నల్లగా చేస్తుంది, అది నిజం, కానీ డికాషన్ రంగు వేరు, పొడి రంగు వేరు.

రంగు మొత్తానికి పనికిరాదని కూడా అననులెండి, చూసే పద్ధతి వేరు. తెల్ల కాగితం మీద అర చెంచా పొడి పోసి, వేలితో పలచగా పరిచి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. పొడి మొత్తం ఎంత నలుపన్నది వదిలేయండి, రేణువులు ఒక్కొక్కటిగా చూడండి. కాఫీ గింజ మధ్యలో ఒక గీత ఉంటుంది కదా, ఆ గీత లోపల పలచటి పొర ఒకటి దాక్కుని ఉంటుంది, వేయించినప్పుడు పైపొర రాలిపోయినా ఇది లోపలే ఉండిపోతుంది, మర పట్టాక పొడిలో లేత బంగారు రంగు చిన్న పొట్టు ముక్కల్లా కనిపిస్తుంది. మధ్యస్తంగా వేయించిన కాఫీ పొడిలో ఇవి బాగా తెలుస్తాయి. చికోరీలో ఈ పొట్టు ఉండదు, దాని పొడి అంతా ఒకటే రంగు, ముదురు బెల్లం పాకం ఎండబెట్టి దంచినట్టు ఎర్రటి ఛాయ ఉన్న గోధుమరంగు. కాగితం మీద రెండు రకాల రేణువులు కలిసి ఉన్నట్టు కనిపిస్తే, ఒకటి నల్లగా ఒకటి ఎర్రగా, పొట్టు కూడా తక్కువగా ఉంటే చికోరీ ఉందని అనుమానించొచ్చు. కానీ బాగా మాడ్చి వేయించిన పొడిలో ఈ పొట్టు కూడా నల్లబడి కనపడదు, మరీ మెత్తగా పట్టినా కనపడదు, అందుకని ఇది అనుమానం దాకానే.

అనుమానం తీరాలంటే నీళ్ళ గ్లాసు. గాజు గ్లాసులో చన్నీళ్ళు నిండా పోసి, కదలకుండా నిలిచాక, పావు చెంచా పొడి పైనుంచి మెల్లగా చల్లండి, కలపొద్దు, గ్లాసు వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. కాఫీ పొడిలో నూనె ఉంటుంది, వేపుడికి గుల్లబారి ఉంటుంది, అందుకని నీళ్ళ మీద తేలుతుంది, కిందున్న నీళ్ళు చాలాసేపు తేటగానే ఉంటాయి. చికోరీ వెంటనే నీళ్ళు పీల్చుకుని మునుగుతుంది, మునుగుతూ వెనకాల గోధుమరంగు గీతలు వదులుతుంది, దీపావళి తారాజువ్వ కిందికి దిగుతున్నట్టు. వేయించినప్పుడు అందులోని తీపి పదార్థం పాకమై మాడుతుంది కదా, ఆ రంగు చన్నీళ్ళలో కూడా ఇట్టే కరుగుతుంది, అదే ఆ గీత. మీరు చూడాల్సింది మొదటి పదిహేను ఇరవై సెకన్లు మాత్రమే, ఆ తర్వాత కాఫీ రేణువులు కూడా తడిసి కొన్ని దిగుతాయి, ఐదు నిమిషాలు ఆగి చూసి ఇదిగో మునిగింది అనకూడదు. చాలామంది వేడి నీళ్ళలో చేస్తారు, వేడి నీళ్ళలో కాఫీ రంగు కూడా వెంటనే దిగుతుంది కాబట్టి ఏదీ తేలదు.

ఇంకొకటి, మునిగినదాన్ని ఒక చెంచాతో తీసి వేళ్ళ మధ్య నలపండి. నానినా కాఫీ రేణువు ఇసకలా గరగరలాడుతుంది. చికోరీ మెత్తబడి పిండిలా నలిగిపోతుంది. ఇది చాలా పాత పద్ధతి, మా నాన్నగారు మాత్రం దీన్నే నమ్మేవారు, వేళ్ళు అబద్ధం చెప్పవనేవారు.

పోయిన నెల మా పక్కింటావిడ సరిగ్గా మీలాగే రెండు ప్యాకెట్లు పట్టుకుని వచ్చింది, ఒకటి నల్లటి పొడి, ఒకటి లేత ఎరుపు పొడి, నల్లటిదాన్ని షాపులో తిరిగిచ్చేద్దామని. ఇద్దరం కూర్చుని చూశాం. నల్లటిదాని వెనక అరబికా 60, రోబస్టా 40 అని, డార్క్ రోస్ట్ అని ఉంది, చికోరీ మాటే లేదు. లేత ఎరుపుదాని ముందువైపు అంకె లేదు, వెనక మడత కింద, అతికించిన చోట సగం మాట మూసుకుపోయి, కాఫీ 53 పర్సెంట్, చికోరీ 47 పర్సెంట్ అని ఉంది. ఆవిడ నమ్మలేదు, రెండు గ్లాసులు పెట్టాం. నల్లది నీళ్ళ మీద మూతలా పరుచుకుని ఉండిపోయింది, కింద నీళ్ళు తేట. ఎర్రది చల్లిన మరుక్షణం సన్నసన్న దారాలు దిగడం మొదలై, నిమిషం తిరిగేసరికి గ్లాసు అడుగు టీ రంగుకి వచ్చింది. ఏళ్ళ తరబడి ఆవిడ అసలు కాఫీ అనుకుని తాగింది ఆ రెండోది. మీ ప్యాకెట్లు కూడా ఇలాగే అని నేను అనట్లేదు, చూడకుండా అనలేను, కానీ మీరు రాసిన పోలికలు చూస్తే వెనకవైపు చదవకుండా పాతదానికి తిరిగి వెళ్ళకండి.

ఇప్పుడు 53:47 అంటే మీ గ్లాసులోకి ఏం వస్తుందో ఒకసారి లెక్క వేద్దాం, ఎందుకంటే చికోరీ శాతం పొడిలో ఒకలా ఉంటుంది, డికాషన్‌లోకి వచ్చేసరికి ఇంకోలా అవుతుంది. వేయించిన కాఫీ పొడిలో నీళ్ళలో కరిగే భాగం సుమారు 30 శాతం, రూల్లో కూడా 26 నుంచి 35 మధ్య ఉండాలని ఉంది. వేయించిన చికోరీలో కరిగేది కనీసం 55 శాతం ఉండాలి, మనం 60 అనుకుందాం. అంటే కాఫీలో మూడొంతుల్లో రెండొంతులకి పైగా పిప్పిగా ఫిల్టర్‌లోనే ఉండిపోతుంది, చికోరీ సగానికి పైగా కరిగి కిందికి దిగిపోతుంది. 100 గ్రాముల 53:47 పొడి తీసుకుంటే కాఫీ నుంచి కరిగేది 16 గ్రాములు, చికోరీ నుంచి 28 గ్రాములు. మొత్తం 44లో 28 చికోరీదే, దాదాపు మూడింట రెండు వంతులు. ఇంట్లో ఫిల్టర్‌లో అంతా పూర్తిగా దిగదు కాబట్టి అంకె కాస్త అటూఇటూ అవుతుంది గానీ వరస అదే. అంటే ప్యాకెట్ మీద కాఫీ పేరు ముందున్నా డికాషన్‌లో చికోరీదే పైచేయి. అదే 80:20 పొడి అయితే కాఫీ నుంచి 24, చికోరీ నుంచి 12, మూడింట ఒక వంతు. 20 వంతులు చికోరీ ఉన్నా డికాషన్ అంత చిక్కగా, నల్లగా ఎందుకు వస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

మీ అత్తగారికి పాత పొడి కాఫీ చిక్కగా ఉందనిపించి, కొత్తది రంగు చాల్లేదనిపించే అవకాశం ఉంది, అది ఆవిడ భ్రమ కాదు, నాలుకకి అలవాటైన రుచి చికోరీది. చికోరీ పాలలో కలిస్తే ఆ ఎర్రటి రంగు, కొద్దిగా తియ్యటి చేదు, నోట్లో నిలిచే చిక్కదనం వస్తాయి. ప్యూర్ కాఫీ డికాషన్ పాలలో పడితే రంగు కాస్త పేలవంగా ఉంటుంది, వాసన ఎక్కువ, ఒక్కోసారి పులుపు తగులుతుంది. అందుకని చికోరీ లేని పొడికి మారేటప్పుడు పాత కొలతే వేస్తే కాఫీ నీళ్ళగా ఉందంటారు, పొడి ఇంకో చెంచా వేయాలి, నీళ్ళు కాస్త తగ్గించాలి. దాంతోపాటు ఒక జాగ్రత్త, చికోరీలో కెఫీన్ లేదు. సగం చికోరీ పొడి నుంచి మొత్తం కాఫీ పొడికి మారితే అదే గ్లాసులో కెఫీన్ ఇంచుమించు రెట్టింపు అవుతుంది, రాత్రి నిద్ర పట్టని పెద్దవాళ్ళుంటే సాయంత్రం కాఫీ దగ్గర ఇది గుర్తుపెట్టుకోండి. రూల్లో కూడా ఆ తేడా ఉంది, కాఫీ పొడిలో కెఫీన్ కనీసం 1 శాతం ఉండాలి, చికోరీ మిశ్రమంలో 0.6 ఉన్నా సరిపోతుంది.

నీళ్ళ గ్లాసు చికోరీ ఉందా లేదా చెప్తుంది, ఎంతుందో చెప్పదు. దానికి కూడా ఇంట్లో ఒక దారి ఉంది, కొలిచి చూపించే దారి కాదు గానీ దగ్గరికి తీసుకెళ్తుంది. చికోరీ లేదని ప్యాకెట్ మీదే ఉన్న పొడి ఒకటి, విడిగా అమ్మే చికోరీ పొడి చిన్న ప్యాకెట్ ఒకటి తెచ్చుకోండి. వంటింటి కాటా ఉంటే 8 గ్రాముల కాఫీ 2 గ్రాముల చికోరీ ఒక చోట, 5 కి 5 ఇంకో చోట కలిపి పెట్టుకోండి. మూడు ఒకేలాంటి గ్లాసుల్లో ఒకటే కొలత నీళ్ళు పోసి, మొదటి రెంట్లో ఈ రెండు మిశ్రమాలు, మూడోదాంట్లో మీ అనుమానం పొడి, తలా పావు చెంచా ఒకేసారి చల్లి, అర నిమిషానికి నీళ్ళ రంగు పక్కపక్కన పెట్టి పోల్చండి. మీ పొడి 80:20కి దగ్గరగా ఉందా, సగం సగానికి దగ్గరగా ఉందా తెలిసిపోతుంది. మర మెత్తదనం వేరువేరుగా ఉంటే ఇది కూడా తప్పుతుంది, మెత్తటిది ఎక్కువ రంగు దింపుతుంది, కాబట్టి వీలైనంత వరకు ఒకేలాంటి మరవి చూసుకోండి. 70:30కీ 65:35కీ తేడా మాత్రం ఇంట్లో ఎవరూ చెప్పలేరు, చెప్తున్నామన్నవాళ్ళని నమ్మకండి, అది ల్యాబులో తేలాల్సిందే.

లూజుగా కొనేవాళ్ళ సంగతి ఒక్క మాట. మర ఉన్న షాపులో పొట్లం మీద లేబుల్ ఉండదు, అక్కడ అడగడమే దారి. 'చికోరీ ఎంత కలుపుతారు' అని అడిగితే 'కొంచెమే అమ్మా' అంటారు, ఆ కొంచెం ఎంతో ఎవరికీ తెలియదు. 'నాకు 400 గ్రాముల కాఫీ, 100 చికోరీ విడివిడిగా తూచండి' అనండి, కళ్ళ ముందు తక్కెడలో రెండూ వేరుగా తూగాలి. నాకు ఒకసారి వేరే ఊళ్ళో ఒక షాపతను ప్యూర్ అని ఇచ్చిన పొడి రెండో రోజుకే డబ్బాలో గడ్డ కట్టింది, చికోరీ గాల్లో తేమని బాగా పీల్చుకుంటుంది, తడి చెంచా పెట్టకుండానే పొడి ఉండలు కడుతుంటే అది కూడా ఒక గుర్తే. వానాకాలంలో ప్యూర్ పొడి కూడా కొద్దిగా ముద్ద కడుతుంది గానీ వేలితో తాకితే విడిపోతుంది, చికోరీ ఎక్కువున్నది బెల్లం అచ్చులా గట్టిపడి గీకితే గానీ రాదు.

ఇంకో విషయం, ఒకే కంపెనీవి నాలుగైదు రకాలుంటాయి, కవరు డిజైన్ ఒకటే, కింద గీత రంగు మాత్రం మారుతుంది, ఒకదాంట్లో చికోరీ 20, ఇంకోదాంట్లో 40. షాపువాడు మీకు అలవాటైనది అయిపోతే పక్కది ఇస్తాడు, రెండూ ఒకటే అంటాడు. కాబట్టి పేరు గుర్తుపెట్టుకుని ఊరుకోకండి, మీ ఇంటికి కుదిరిన అంకె గుర్తుపెట్టుకుని ప్రతిసారీ వెనక లైను చూసి తీసుకోండి.

మీ ఇంటి వరకు నేనైతే ఇలా చేస్తాను. పాత ప్యాకెట్ వెనక చూసి చికోరీ ఎంతుందో చదివి మీ అత్తగారికి చెప్పండి, ఆవిడని తప్పు పట్టినట్టు కాకుండా గ్లాసులో చూపించి చెప్పండి, చూస్తే ఆవిడకే ఆసక్తి కలుగుతుంది. కొత్త ప్యాకెట్‌లో చికోరీ లేదని తేలితే దాన్ని పారేయొద్దు, 100 గ్రాముల చికోరీ విడిగా తెచ్చి, 85 గ్రాముల కొత్త పొడికి 15 గ్రాముల చికోరీ కలిపి ఒక చిన్న డబ్బాలో పెట్టి నాలుగు రోజులు తాగి చూడండి, రంగు చాల్లేదంటే ఇంకో 5 గ్రాములు వేయండి. ఎక్కువమంది 15కీ 20కీ మధ్య ఎక్కడో ఆగిపోతారు. కలిపేటప్పుడు పొడి చెంచాతో, మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో కలపండి, వారానికి సరిపడా మాత్రమే కలుపుకోండి, మిగతా చికోరీ ప్యాకెట్ మూతికి క్లిప్పు పెట్టి వేరే డబ్బాలో దాచండి, స్టవ్ పక్కన ఆవిరి తగిలే చోట మాత్రం పెట్టకండి.